నేతి మరక పడని డబ్బా

ఆదివారం పొద్దున బందరులో అక్క వాళ్లింట్లో పేపర్ విప్పగానే మధ్యలోంచి పసుపు రంగు కరపత్రం ఒకటి జారి కింద పడింది. అక్క దాన్ని తీసి చదవడం మొదలుపెట్టింది. నేను కాఫీ తాగుతున్నట్టు నటిస్తూ ఆవిడ మొహం వైపే చూస్తున్నాను. అందులో ప్రతి అక్షరం నేను రాసిందో, నేను దిద్దిందో. బెజవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని నాది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని పెళ్లి శుభలేఖలు, ఎన్ని ఎన్నికల కరపత్రాలు నా చేతుల మీదుగా వెళ్లాయో లెక్కలేదు. ఒక్క కాగితం కోసం ఇంత టెన్షన్ పడటం మాత్రం ఇదే మొదటిసారి.

"రోకళ్ల కొట్టు పేరు మారుస్తున్నారటరా," అంది అక్క.

"ఏం పేరు పెడుతున్నారట?"

"రోకళ్ల కొట్టు అనే." చదవడం ఆపి కళ్లజోడు పైకి తోసుకుంది. "అదేమిటి, ఇన్నాళ్లూ దాని పేరు అదే కదా?"

కాదు. మా చిన్నప్పటి నుంచీ ఆ కొట్టు బోర్డు మీద ఉన్నది ఒక దేవుడి పేరు, దాని పక్కన స్వీట్ స్టాల్ అని. అలాంటి బోర్డు ఒక్క బందరులోనే ఇంకో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. మా ఇంట్లోవాళ్లెవరూ ఆ బోర్డు పేరుతో కొట్టుని పిలవగా నేను వినలేదు. తెల్లారకముందే వీధి మొదట్లోకి రోకళ్ల చప్పుడు వినపడేది కాబట్టి అది రోకళ్ల కొట్టు. మా అమ్మ ఆ చప్పుడు విని పాలవాడు వచ్చే వేళ అయిందని లేచేది.

1983 వేసవిలో నేను ఆ కొట్లో పని చేశాను. పని అంటే పెద్ద పనేం కాదు. కొట్టు పెద్దాయన కొడుకు, నేను ఒకే క్లాసు. సెలవుల్లో మేమిద్దరం వెనక వసారాలో కూర్చుని డబ్బాలు మడిచేవాళ్లం. అట్ట షీట్లు గుంటూరు నుంచి కట్టలు కట్టలుగా వచ్చేవి. నొక్కుల వెంట మడిచి, చెవులు లోపలికి దోపితే డబ్బా. వంద మడిస్తే ఒక కాగితం పొట్లంలో లడ్డు పొడి పెట్టేవారు, ఉండలు కట్టగా రోట్లో మిగిలిన అడుగు పొడి. లడ్డు కన్నా ఆ పొడే బాగుండేదని ఇప్పటికీ నా నమ్మకం.

డబ్బాలు మడుస్తూ ఎదురుగా రోలు వైపు చూస్తూ ఉండేవాళ్లం. బందరు లడ్డుని మేం తొక్కుడు లడ్డు అంటాం. బూందీతో చేసే లడ్డుకీ దీనికీ చుట్టరికం లేదు. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బొందిలీలు తెచ్చిన వంట అని ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. శనగపిండిని నీళ్లతో కలిపి, గొట్టంలో పెట్టి, కాగే నేతిలోకి లావు పూసలా ఒత్తుతారు. పూస వేగాలి గానీ రంగు తిరగకూడదు. కాస్త ఎర్రబడ్డా తరవాత లడ్డులో మాడు వాసన దాగదు. తీసిన పూసని వేడి మీదే రోట్లో వేసి దంచుతారు. చల్లారితే కరకరలాడుతూ పలుకులవుతుంది, మెత్తబడదు. దంచిన పొడిని జల్లెడ పట్టి, మిగిలిన రవ్వని మళ్లీ రోట్లోకి.

ఆ తరవాత పాకం. బెల్లం కరిగించి, మలినం వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెడతారు. చెంచాడు పాకం నీళ్ల గిన్నెలో వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండ కావాలి. ఉండ కట్టకపోతే లేత పాకం, లడ్డులో తడి నిలిచి తొందరగా పాడవుతుంది. గిన్నెకేసి కొడితే ఠంగుమంటే ముదిరిపోయినట్టు, లడ్డు మర్నాటికి పొడిపొడిగా రాలుతుంది. సరైన పాకం ఆ పొడిలో పోసి కలిపి మళ్లీ దంచుడు. ఇదే అసలు తొక్కుడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి జంట రోకళ్లు వేస్తారు. ఒకరి రోకలి లేస్తుంటే రెండోది దిగుతుంది. మధ్య మధ్య కరిగించిన నెయ్యి గరిటెతో పోస్తుంటారు. మొదట్లో రోకలి పొన్ను రాతికి తగిలినట్టు ఖణేల్‌మనే చప్పుడు, నెయ్యి పట్టేకొద్దీ తడి మట్టి మీద పడ్డట్టు మెత్తని చప్పుడు. పెద్దాయన గల్లా పెట్టె దగ్గర కూర్చుని, వెనక్కి తిరక్కుండానే, "ఇంకో గరిటె పొయ్యండిరా," అనేవారు. చప్పుడుని బట్టే ఆయనకి తెలిసిపోయేది. చివర్లో యాలకుల పొడి, చిటికెడు పచ్చకర్పూరం, జీడిపప్పు, చిన్న చిన్న పటికబెల్లం ముక్కలు.

ఆయన తూకం గురించి కూడా చెప్పాలి. తక్కెడలో ఒక వైపు లడ్డూల డబ్బా పెడితే, రెండో వైపు రాళ్ల పక్కన ఒక ఖాళీ డబ్బా పెట్టేవారు. అట్ట బరువు లడ్డు ధరకి అమ్మకూడదని. కిలోకి ఒకటిన్నర లడ్డు బరువుండేది ఆ అట్ట. మిగతా కొట్లలో అది తక్కెడ మీద మిఠాయితో పాటే వెళ్లిపోయేది, ఎవరూ అడిగేవారు కాదు. ఆ ఖాళీ డబ్బా మా ఇద్దరి చేతుల్లో నలిగి నలిగి, రెండు మూడు నెలలకోసారి కొత్తది మార్చేవాళ్లం.

ఇక మరక. ఆ డబ్బా పల్చటి అట్ట, లోపల ఏ పూతా లేదు. లడ్డూలు సర్దిన పావుగంటకి అడుగున ఒక నాణెమంత మచ్చ కనపడేది. ఇంటికి చేరేసరికి అది అరచేయంత అయ్యేది. బందరు పెద్దవాళ్లు కొట్టుని కొలిచేది ఆ మరకతోనే. మా నాయనమ్మ డబ్బా మూత తీసేది కాదు ముందు. ఎత్తి కిటికీ వెలుగుకి పట్టి అడుగు చూసేది. అట్ట లోంచి వెలుతురు కనపడితే, "ఫరవాలేదు, నెయ్యి పోశాడు," అనేది. మచ్చలు మచ్చలుగా ఉండి అక్కడక్కడా అట్ట తెల్లగా కనిపిస్తే ఆ రోజు పెద్దాయనకి కబురు వెళ్లేది. ఖాళీ అయిన డబ్బాని చించి, కుంపటి అంటించడానికి దాచుకునేది. నెయ్యి తాగిన అట్ట ఒక్క అగ్గిపుల్లకి అంటుకుంటుంది.

ఇవన్నీ మర్చిపోయే ఉండేవాణ్ని. కిందటేడు దసరా ముందు నా స్నేహితుడు ఫోన్ చేశాడు. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది, కొట్టు వీడే నడుపుతున్నాడు. "ఒరేయ్, మా అమ్మాయి కొట్టుకి కొత్త రూపం తెస్తానంటోంది. బోర్డు, డబ్బా, పేరు, అన్నీ. నువ్వొచ్చి కాస్త రాతకోతలు చూడరా," అన్నాడు. గొంతులో సగం గర్వం, సగం భయం.

అమ్మాయి చదువు ముగించుకుని ఏడాది నుంచి కొట్లో కూర్చుంటోంది. నన్ను బాబాయ్ అంటుంది. నేను వెళ్లేసరికి బల్ల మీద నాలుగు రకాల డబ్బాలు, రంగుల కాగితాలు పరిచి ఉన్నాయి. తను మొదట చెప్పింది పేరు గురించే.

"మన బోర్డు పేరుతో ఆన్‌లైన్‌లో వెతికితే వేరే కొట్లు వస్తున్నాయి బాబాయ్. ఎవరో పాడైన జిలేబీ అమ్మితే మనల్ని తిడుతూ రాస్తున్నారు. ట్రేడ్‌మార్క్ వేద్దామంటే లాయరు గారు దేవుడి పేరు మీకొక్కరికే ఇమ్మంటే కష్టం అన్నారు. పోనీ బందరు లడ్డు అని పెట్టుకుందామా అంటే అది అసలు ఎవరి సొంతమూ కాదు."

ఆ మాట నిజం. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాంతో ఆ పేరు ఊరిది అయింది. పద్ధతి ప్రకారం ఇక్కడ చేసేవాళ్లు నమోదు చేయించుకుని వాడుకోవచ్చు గానీ, ఒక కొట్టు దాన్ని తన ట్రేడ్‌మార్క్‌గా రాయించుకోవడానికి కుదరదు.

"మరి జనం పిలిచే పేరే పెట్టొచ్చుగా," అన్నాను. నేనేదో గొప్ప సలహా ఇచ్చాననుకున్నాను. అమ్మాయి నవ్వి కింద నుంచి ఒక షీటు తీసింది. అప్పటికే రాసి పెట్టుకుంది. రోకళ్ల కొట్టు. పక్కన రెండు రోకళ్లు, ఒకటి లేస్తూ ఒకటి దిగుతూ. వాళ్ల నాన్నని ఒప్పించడానికి నన్ను పిలిపించిందని అప్పుడు అర్థమైంది.

మా వాడికి ఆ పేరు రుచించలేదు. "కొట్టు ఏమిట్రా, పల్లెటూరి పచారీ కొట్టులాగా? అందరూ స్వీట్స్ అని పెట్టుకుంటుంటే." పైగా దేవుడి పేరు తీసేయడం అరిష్టమని వాళ్లమ్మగారు ఏమంటారోనని. తీరా ఆవిడ్ని అడిగితే, "దేవుడు లోపల పటంలో ఉన్నాడుగా, బోర్డు మీద ఎండలో ఎందుకు," అన్నారు. పాత బోర్డుని గల్లా పెట్టె వెనక గోడకి తగిలించాలని మాత్రం షరతు పెట్టారు. అది రెండో బోర్డట. మొదటిది 1977 నవంబరు ఉప్పెనలో ఎగిరిపోయి ఎక్కడ పడిందో తెలియలేదు.

ఉప్పెన మాట వచ్చేసరికి ఇంకో తగువు మొదలైంది. డబ్బా మీద "స్థాపితం" అని ఏ ఏడాది వేయాలి? మా వాడు ఒకటన్నాడు, వాళ్ల చిన్నాన్న ఫోన్లో అంతకు ఎనిమిదేళ్లు ముందుదన్నాడు. కాగితాలన్నీ ఉప్పెన నీళ్లలో పోయాయి. పెద్దావిడకి తెలిసింది ఒక్కటే, తను కాపరానికి వచ్చేనాటికి కొట్టు ఉంది. "పాతది వేసేద్దాంరా, ఎవడు చూడొచ్చాడు," అన్నాడు మా వాడు. నేను ఒప్పుకోలేదు. ప్రూఫులు దిద్దేవాడికి అంకెల దగ్గర ఒక జబ్బు ఉంటుంది, రుజువు లేని అంకె కనపడితే చెయ్యి ఆగిపోతుంది. చివరికి ఏడాది లేకుండా "77 ఉప్పెనకు ముందు నుంచి" అని వేద్దామన్నాను. బందరు వాళ్లకి ఏ అంకె కన్నా అదే బాగా అర్థమవుతుంది. అమ్మాయికి అది తెగ నచ్చింది.

ఆ తరవాత ప్రకటన. హైదరాబాదులో ఎవరో కుర్రాళ్లు రాసిచ్చిన చిత్తుప్రతి అమ్మాయి నా చేతిలో పెట్టింది. నవ్యతకూ సంప్రదాయానికీ వారధి, తరతరాల తీపి ప్రయాణం, అదే రుచి అదే నాణ్యత, ఇలా ఉంది. ఇదే కాగితం మీద చీరల షాపు పేరు వేసినా సరిపోతుంది. దాని కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒక వాక్యం: "నేటికీ ప్రతి లడ్డూ పూర్తిగా రోకటితో దంచి, చేత్తో చేసినదే."

"ఇది నిజమేనా?" అని అడిగాను.

మా వాడు గోడ వైపు చూశాడు. అమ్మాయి వాళ్ల నాన్న వైపు చూసింది.

కొట్టు వెనక వసారాలో పన్నెండేళ్లుగా ఒక పిండి మిషను ఉంది. పూసని మొదటిసారి పొడి చేసేది అదే. దంచే మనుషులు దొరకక పెట్టారు. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ పాకం పోశాక చేసే రెండో దంపుడు మాత్రం ఇప్పటికీ రోట్లోనే. అది సెంటిమెంటు కాదు. మా వాడు ఒకసారి అదీ మిషన్లో వేయించాడట. బెల్లం పాకం, నెయ్యి పట్టిన పిండి మిషను జల్లెడ కన్నాలకి అంటుకుని పది నిమిషాల్లో కన్నాలన్నీ మూసుకుపోయాయి. లోపల వేడెక్కి నెయ్యి విడిపోయి అడుగున కారింది. పైకి వచ్చిన పిండి నాలిక మీద మైనంలా పట్టేసింది. రోట్లో అయితే వేడి పుట్టదు, పొడి నలిగే కొద్దీ పోసే నెయ్యి పోసినంతా లోపలికి వెళుతుంది. ఆ రోజు ఆరు కిలోలు పారబోశారు.

"ఈ కథే రాయొచ్చుగా, పూర్తిగా చేత్తో అని అబద్ధం ఎందుకు?" అన్నాను.

"మిషను ఉందని మనమే చెప్పుకుంటామా?" అన్నాడు మా వాడు.

"నీ దగ్గర పని మానేసినవాడు ఎవడో ఒకడు ఫోన్లో వీడియో తీసి పెడితే అప్పుడు చెప్పుకుంటావా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడే కల్పించుకుని, "మీ నాన్న ఖాళీ డబ్బా తూకంలో ఎందుకు పెట్టాడురా, ఎవరైనా అడిగారా?" అన్నారు. ఇక ఆ సంగతి మీద చర్చ జరగలేదు.

ఆవిడే మర్నాడు ఇంకో దాని దగ్గర మొండికేశారు. డబ్బా మీద ఏమేం వేశారో రాయాలి, అదీ బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరవాత. ప్యాక్ చేసి అమ్మేవాటికి అది చట్టం. అమ్మాయి చదివి వినిపించింది: శనగపిండి, బెల్లం, నెయ్యి, జీడిపప్పు, పటికబెల్లం, యాలకులు, పచ్చకర్పూరం. "వరస చెప్పేస్తే ఇంక గుట్టేముంది?" అన్నారు పెద్దావిడ. కొలతలు రాయక్కర్లేదని, వరస చాలని, ఎవరు ఎంత చదివినా పాకం ఎప్పుడు దించాలో అందులో ఉండదని మనవరాలు సర్దిచెప్పేసరికి మధ్యాహ్నం అయింది.

ఇప్పుడు అసలు కష్టం, డబ్బా. అమ్మాయి ఎంచుకున్నది దళసరి తెల్ల అట్ట, లోపల వైపు నెయ్యి పీల్చని పూత, పైన పారదర్శకంగా ఉండే మూత, చుట్టూ గాలి చొరకుండా సీలు. చూడ్డానికి నగల పెట్టెలా ఉంది. పాత డబ్బాలో కొరియర్లో పంపితే నెయ్యి పైన అంటించిన అడ్రసు కాగితం దాకా పాకేది. హైదరాబాదు చేరేసరికి అక్షరాలు మాయం. రెండుసార్లు పార్సిళ్లు వెనక్కి వచ్చాయట. కాబట్టి పూత ఉన్న అట్ట తప్పదు, దాంతో నాకు పేచీ లేదు.

మొదటి విడతగా పన్నెండు డబ్బాలు నింపారు. ఉండలు కట్టిన రెండు గంటలకే సర్ది, సీలు వేసి, బల్ల మీద వరసగా పెట్టి ఫొటోలు తీశారు. మర్నాడు పొద్దున చూస్తే మూతల లోపలి వైపు మంచు పట్టినట్టు సన్నటి బిందువులు. మా వాడు నెయ్యి అనుకున్నాడు. వేలితో తుడిచి చూశాను, జిడ్డు లేదు, నీళ్లు. ఉండ పైన చల్లగా తగిలినా నడిమి భాగంలో ఇంకా గోరువెచ్చన ఉంటుంది. ఆ వేడికి లోపలి తడి ఆవిరై పైకి లేస్తుంది. పాత డబ్బాలో అయితే అట్ట కొంత పీల్చుకుని, సందుల్లోంచి మిగతాది బయటికి పోయేది. ఇక్కడ దారి లేక మూతకి తగిలి నీరై మళ్లీ లడ్డు మీదే పడుతోంది. ఆ డబ్బాలని అలాగే ఉంచి రోజూ ఒకటి విప్పాం. మూడో రోజుకి పై వరస లడ్డూల మీద బెల్లం తడికి కరిగి నల్లటి మచ్చలు. ఐదో రోజు మూత తీస్తే పులిసిన వాసన. ఏడో రోజు ఒకదాని మీద తెల్లటి నూగు. అదే లడ్డు పాత డబ్బాలో పదిహేను రోజులు చక్కగా ఉంటుంది.

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెయ్యి డబ్బాలకి అడ్వాన్సు ఇచ్చేసింది. "డబ్బా తప్పు కాదమ్మా, మనం దానికి లడ్డూని వేడి వేడిగా పెట్టాం," అన్నారు లోపల ఉండలు కట్టే ఆవిడ. ఇరవై రెండేళ్లుగా ఆ కొట్లోనే చేస్తున్న మనిషి. ఆవిడ చెప్పినట్టే రెండో విడతని ఉండలు కట్టాక వెడల్పాటి పళ్లేల్లో ఒక వరసగా పరిచి, పల్చటి బట్ట కప్పి, రాత్రంతా ఫ్యాను గాలికి ఉంచారు. తెల్లారాక ఒకటి విరిచి, విరిచిన చోట పెదవికి ఆనించి చూశారు. వేలికి తెలియని వెచ్చదనం పెదవికి తెలుస్తుందట. అప్పుడు సర్దారు. ఈసారి మూతలు పొడిగా ఉన్నాయి. పదిహేనో రోజు విప్పిన డబ్బాలో వాసన, రంగు మొదటి రోజులాగే. అయినా లేబుల్ మీద పన్నెండు రోజులే వేయించింది అమ్మాయి. ఎండాకాలం కొరియర్ వ్యాన్లో రెండు రోజులు తిరుగుతుంది కదా అని. వాళ్ల తాత పోలిక అనుకున్నాను.

అంతా కుదిరిందనుకుంటుండగా పక్కింటి మామ్మగారికి ఒక డబ్బా రుచి చూడమని పంపారు. అరగంటలో ఆవిడే చేతికర్ర పట్టుకుని వచ్చేశారు. డబ్బా తలకిందులు చేసి మా వాడి ముందు పెట్టి, "ఏరా, నెయ్యి తగ్గించావా?" అన్నారు.

తెల్లటి అడుగు. ఎక్కడా చుక్క మరక లేదు.

"తిని చూడండి మామ్మగారూ," అన్నాడు.

"తిన్నాన్లే. బానే ఉంది. కానీ నెయ్యేదీ?"

అమ్మాయి అట్ట పూత గురించి ఎంత చెప్పినా ఆవిడ తల ఊపుతూనే, అడుగు మీద వేలితో రాస్తూ ఉన్నారు. నాకు మా నాయనమ్మ, కిటికీ, వెలుతురు గుర్తొచ్చాయి. నెలల తరబడి రంగులు, అక్షరాలు, పేరు మాట్లాడుకున్నాం. ఈ ఊరు ఆ కొట్టుని దేనితో పోల్చుకుంటుందో అది మాత్రం మా చేత్తోనే తుడిచేశాం, తెలియకుండా. ప్రకటనలో అన్నిటి కన్నా ముందు చెప్పాల్సింది అదే. ఆ రాత్రి కొట్లోనే కూర్చుని రాశాను. తరవాత రెండు మాటలు కొట్టేశాను, ఒకటి కలిపాను. అక్క చేతిలో ఉన్న కాగితం మీద ఉన్నది ఇదీ:

"బందరు వారికి నమస్కారం. మా డబ్బా మారింది. ఇక అడుగున నేతి మరక పడదు. లోపల పూత ఉన్న అట్ట వాడుతున్నాం, అందుకని. నెయ్యి తగ్గలేదు. పూసని మొదటిసారి మిషన్లో పొడి చేస్తాం. పాకం పోశాక రోట్లోనే దంచుతాం. డబ్బా బరువు తూకంలో కలపం. మా పేరు మీరు ఎప్పటి నుంచో పిలుస్తున్నదే, ఇప్పుడు బోర్డు మీదికి ఎక్కిస్తున్నాం. పాత బోర్డు లోపల ఉంది, వచ్చి చూడండి. — రోకళ్ల కొట్టు, 77 ఉప్పెనకు ముందు నుంచి."

అక్క రెండోసారి చదివింది. "ఇదేం ప్రకటనరా, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టుంది," అంది. కాసేపాగి, "అయినా మిషను సంగతి వాళ్లే చెప్పేశారు, నయమే," అంది. రాసింది నేనని చెప్పలేదు. చెబితే అక్షర దోషాలు వెతుకుతుంది.

పదిన్నరకి ఇద్దరం వెళ్లాం. కొత్త బోర్డు మీద అక్షరాలు బాగా వచ్చాయి, ళ్ల వత్తు మాత్రం నేను చెప్పినదాని కన్నా కాస్త చిన్నదైంది. పెయింటరుతో రాయించుంటే రాస్తున్నంతసేపూ చూసి దిద్దించేవాణ్ని. ఇప్పుడన్నీ మిషను కోతలు. లోపల అద్దాల అరలు, తెల్ల దీపాలు. వాటి వెనక రోలు మాత్రం ముందుకొచ్చింది. ఇదివరకు వసారాలో ఉండేది, ఇప్పుడు గాజు పలక అవతల అందరికీ కనపడేట్టు పెట్టారు. గాజు వల్ల చప్పుడు బయటికి రావడం లేదని ఒక పెద్దమనిషి గొణుగుతున్నాడు. అది నాకూ తట్టలేదు.

మామ్మగారు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అమ్మాయి ఆవిడకి మొదటి డబ్బా ఇచ్చింది. ఆవిడ మళ్లీ తలకిందులు చేశారు, అడుగు తెల్లగా ఉంది, పెదవి విరిచారు. "మూత తీయండి మామ్మగారూ," అంది అమ్మాయి. లడ్డూల కింద, అట్ట పూతకీ లడ్డూలకీ మధ్య, ఒక తెల్ల కాగితం పరిచి ఉంది. నాకు ఈ సంగతి చెప్పనే లేదు. దాని మీద కొట్టు పేరు అచ్చు వేయిద్దామని వాళ్ల నాన్న అంటే, అచ్చు సిరా తినే వస్తువుకి తగలకూడదని ఉత్త కాగితమే తెప్పించిందట, ఆహారానికి వాడే రకం, పూత లేనిది.

మామ్మగారు ఒక మూల లడ్డూ తీసి పక్కన పెట్టి, కాగితం కొస పట్టుకుని మెల్లగా లాగారు. వీధి వైపు వెలుగుకి ఎత్తి పట్టారు. కాగితం అటు చివర నుంచి ఇటు చివర దాకా అద్దంలా ఉంది. అందులోంచి ఎదుటి ఆటో, కోనేరు సెంటర్ వైపు వెళ్లే సైకిళ్లు మసకగా కనిపిస్తున్నాయి.

ఆవిడ ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి రొంటిన దోపుకున్నారు.

"అదెందుకండీ, చీర పాడవుతుంది," అంది అక్క.

"పొయ్యి అంటించడానికి," అన్నారు మామ్మగారు. ఆవిడ ఇంట్లో గ్యాసు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది.